ఫైళ్ల మధ్య పసిపిల్ల: గర్భం లేకుండా వచ్చిన ప్రసవపు కలలు, ఒక కేస్ స్టడీ

కలల గురించి మాట్లాడటానికి నా దగ్గరికి వచ్చిన, గుంటూరులో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూసే 43 ఏళ్ల స్త్రీ కేసు ఇది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను. కలలను మాత్రం ఆమె నోట్‌బుక్‌లో రాసుకున్నట్టే ఉంచాను. ఇద్దరు పిల్లలు. అమ్మాయి బీటెక్, అబ్బాయి ఇంటర్. అబ్బాయి పుట్టాక ట్యూబెక్టమీ అయింది. మొదటి రోజు ఆమె చెప్పింది ఇంతే: "మేడమ్, రెండు నెలల నుంచి కలలో పసిపిల్లలే. ఒకసారి కడుపుతో ఉంటాను, ఇంకోసారి కాన్పు అయిపోయి ఉంటుంది. లేచేసరికి గుండె దడ. ఆ రోజంతా లెక్కల్లో తప్పులు."

నా దగ్గరికి వచ్చేసరికే ఆమెకు మూడు అర్థాలు అందాయి. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుంది కాబట్టి ఇంట్లోనో చుట్టాల్లోనో ఎవరో నెల తప్పుతారని అత్తగారు అన్నారు. పసిపిల్ల కనిపిస్తే కొత్త ప్రారంభమని, చేతికి కొత్త వ్యాపారం వస్తుందని పిన్ని కూతురు ఒక యూట్యూబ్ వీడియో చూసి చెప్పింది. మూడోది ఎవరికీ చెప్పుకోని సొంత భయం: ఆపరేషన్ ఫెయిలైందేమోనని.

వీటిలో రెండోది అప్పటికే చాలా దూరం వెళ్లింది. కలిసి మగ్గం వర్క్ బొటిక్ పెడదామని ఆ పిన్ని కూతురు ఏడాదిగా అడుగుతోంది. ఈమె ఎటూ తేల్చలేదు. కలలు మొదలయ్యాక మాత్రం ఇద్దరూ వెళ్లి లక్ష్మీపురంలో ఒక షాపు చూసొచ్చారు. నాలుగు లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చేయడానికి బ్యాంకు ఫారం కూడా తెచ్చిపెట్టుకుంది. "కల కూడా అదే చెబుతోంది కదా మేడమ్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే మా ఇద్దరి పని అయింది.

ముందు శరీరం సంగతి

కలలో కడుపుతో ఉన్నానని ఏ స్త్రీ చెప్పినా నేను ముందు అడిగేది నెలసరి గురించే. ఈమెకు రెండు నెలలుగా రాలేదు. ట్యూబెక్టమీ తర్వాత గర్భం రావడం చాలా అరుదు, కానీ అసాధ్యం కాదు. వస్తే అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. అందుకే కల అర్థం మాట్లాడకముందే ఇంట్లో యూరిన్ టెస్ట్ చేసుకుని, గైనకాలజిస్టును కలిసి రమ్మన్నాను. గర్భం లేదని తేలింది. మెనోపాజ్‌కు ముందు వచ్చే మార్పులు మొదలయ్యాయని డాక్టర్ చెప్పారు. రాత్రుళ్లు చెమటలు పట్టి మెలకువ వస్తోందని ఆమె నాతో అనలేదు, అక్కడ చెప్పింది.

ఈ చివరి ముక్క కలలకు సంబంధించినదే. రాత్రి నిద్రలో సుమారు 90 నిమిషాలకోసారి కలల దశ వస్తుంది. తెల్లవారే కొద్దీ ఆ దశ నిడివి పెరుగుతుంది. కల మధ్యలో మెలకువ వస్తే కల గుర్తుంటుంది, లేకపోతే పోతుంది. అంటే ఈమెకు కలలు కొత్తగా పుట్టుకొచ్చాయని అనుకోనక్కర్లేదు. ఎప్పుడూ వచ్చేవే ఇప్పుడు గుర్తుండిపోతున్నాయేమో. అత్తగారు చెప్పిన తెల్లవారుజాము మాటకూ మూలం ఇక్కడే ఉందనుకుంటాను. పొడవైన, స్పష్టమైన కలలు ఆ వేళలోనే వస్తాయి, అవే గుర్తుంటాయి. మందుల గురించి కూడా అడిగాను. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, బీపీకి వాడే కొన్ని బీటా బ్లాకర్లు కలలను బాగా తీవ్రం చేస్తాయి. ఈమె అవేవీ వాడటం లేదు.

నోట్‌బుక్‌లోని కలలు

తలగడ పక్కన నోట్‌బుక్, పెన్ను పెట్టుకోమన్నాను. మెలకువ రాగానే ఫోన్ చూడకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, ఇప్పుడే జరుగుతున్నట్టు రాయాలి. అర్థం రాయకూడదు. చివర్లో రెండే చేర్చాలి: కలలో ఏమనిపించింది, ముందు రోజు ఏం జరిగింది. మూడు వారాల్లో నాలుగు కలలు తెచ్చింది.

మొదటిది: "ఆఫీసులో రికార్డు గది. పైఅరలో ఫైళ్ల వెనక తువ్వాల్లో చుట్టిన పసిపిల్ల. ఎవరిదో అనుకుంటున్నాను. దగ్గరికి వెళితే నాదే. కన్న సంగతే మర్చిపోయాను. ఎన్నాళ్ల నుంచి పాలు పట్టలేదో తెలియదు. ఎత్తుకుంటే కాగితమంత బరువు. నోట్లో పళ్లున్నాయి. ఏడవడం లేదు, నన్నే చూస్తోంది. సార్ వచ్చేలోగా మళ్లీ దాచాలి." ఏమనిపించింది: తప్పు చేశాను, దొరికిపోతాను.

రెండోది చిన్నది. ఏడో నెల కడుపుతో బస్సెక్కుతోంది, చీర కొంగు కప్పుకుని, అడిగిన వాళ్లకు లావయ్యానని చెబుతోంది.

మూడోది: "హాస్పిటల్. తెల్లగుడ్డలో చుట్టి నర్సు తీసుకెళ్లిపోతోంది. ఆడో మగో అడగాలి. నోరు రావడం లేదు." ఏడుస్తూ లేచింది.

నాలుగోది మొదటి దానికి కొనసాగింపు. అదే గది, అదే పిల్ల, ఇప్పుడు అరచేతిలో పట్టేంత అయిపోయింది.

మూడో కలను పక్కకు తీశాను

పసిపిల్ల కలలన్నింటికీ ఒకటే అర్థం వేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఈ నాలుగింటిలో మూడు ఒక తీరు, ఒకటి వేరు. మూడో కలలో ఆకలి లేదు, దాచడం లేదు, భయం లేదు. ఉన్నదల్లా ఒకరు తీసుకెళ్లిపోవడం, ఈమెకు నోరు రాకపోవడం. అలాంటి కలను కొత్త ప్రారంభమని అనడం అవతలి మనిషికి అన్యాయం చేయడమే.

మెల్లగా అడిగితే చెప్పింది. అమ్మాయికీ అబ్బాయికీ మధ్య ఒక గర్భం అయిదో నెలలో పోయింది. బిడ్డను చూపించలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అది జరిగింది కార్తీకంలో. ఈ కల వచ్చిందీ కార్తీకంలోనే. తిథి గుర్తుపెట్టుకుని మనసు అలా చేస్తుందని నేను వాదించను. ఊళ్లో దీపాలు, ఉపవాసాలు, వాతావరణం చాలు, ఆ రోజులు గుర్తుకు రావడానికి.

ఆ కల మీద ఒక సెషన్ పూర్తిగా గడిపాం. అర్థాలేమీ చెప్పలేదు. జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పించాను. ఆ తర్వాత ఆమె తనంతట తానే భర్తతో ఈ విషయం మాట్లాడింది. అప్పట్లో ఆయన ఒక్కడే ఆ బిడ్డను చూశాడనీ, ఆడపిల్ల అనీ ఆమెకు ఇన్నేళ్లకు తెలిసింది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో సంతానం కోసం ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నవాళ్లు, ఈమధ్యే గర్భం పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు పసిపిల్ల కల వస్తే పసిపిల్ల అంటే పసిపిల్లే. కొత్త ప్రారంభం మాట నేను ఎత్తను. గుంటూరు, విజయవాడల్లో ఐవీఎఫ్ సెంటర్ల నుంచి వచ్చిన కొందరు ఇంతకుముందు ఎవరో చెప్పిన "మీలో ఏదో కొత్తది పుడుతోంది" అనే మాటను తలుచుకుని నా ముందు ఏడ్చారు.

పిల్ల వయసెంత?

మిగిలిన మూడు కలలకు వస్తాను. పసిపిల్లను కొత్తగా మొదలవుతున్నదానికి, మనిషిలో ఇంకా రూపు కట్టనిదానికి గుర్తుగా చదవడం ఎక్కువగా స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ సంప్రదాయం నుంచి వచ్చింది. శిశువు రూపం మీద ఆయన 1940లో రాసిన వ్యాసంలో శిశువు రాబోయేదానికి సూచన అంటాడు. ఆ మాట అందరికీ చేరింది. అదే వ్యాసంలో ఆ శిశువును వదిలేయడం, ప్రమాదంలో పడేయడం కూడా ఆ రూపంలో భాగమేనని చెబుతాడు. అది వీడియోల దాకా చేరలేదు. నా అనుభవంలో కల గుట్టు రెండో సగంలోనే ఉంటుంది. పిల్ల ఉందన్నది ఒక్కటే పట్టుకుంటే ఏమీ తెలియదు. ఎంత వయసు, ఎంత బరువు, ఎవరు పెంచుతున్నారు, తిండి ఉందా, ఎక్కడ పెట్టారు అని అడిగితే కల ఆ మనిషి సొంతదవుతుంది.

కాబట్టి బొటిక్ గురించిగానీ, కొత్త పని గురించిగానీ నేను ఎత్తలేదు. "పిల్లకు వయసెంత ఉంటుందనిపించింది?" అని మాత్రం అడిగాను.

"చూడ్డానికి నెలల పిల్లే. కానీ అయిదేళ్లు నిండాయని కలలో నాకు తెలుసు."

పళ్లు ఉన్నాయి కదా. అంటే ఇది కొత్తగా పుట్టింది కాదు. పుట్టి చాలా కాలమైంది, పెరగలేదు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: అయిదేళ్ల కింద మీ జీవితంలో ఏం మొదలైంది? మొదట ఆమె అమ్మగారి పక్షవాతం గురించి చెప్పింది. తర్వాత అమ్మాయి టెన్త్ పరీక్షలు. నేను ఇంకేమీ అందించలేదు. ఇక్కడ సలహా ఇవ్వకుండా ఊరుకోవడమే కష్టం. "ఏదైనా రాసేవారా, గీసేవారా?" అని నేను అడిగి ఉంటే, ఆమె నాకోసం ఏదో ఒకటి వెతికి పట్టుకొచ్చేది. నలభై దాటిన ఎవరి దగ్గరైనా సగంలో ఆగిన పని ఒకటి ఉంటుంది.

ఆ రోజు ఏమీ తేలలేదు. రెండు రోజుల తర్వాత ఆఫీసు నుంచి మెసేజ్ పెట్టింది: "మేడమ్, పిల్ల దొరికింది."

దొరికింది ఒక పాత లెడ్జర్. అయిదేళ్ల కింద పిల్లలతో అమరావతి మ్యూజియానికి వెళ్లినప్పుడు స్తూపం ప్రాకారం రాళ్ల మీద చెక్కిన పద్మాలు చూసింది. చుట్టు చుట్టుగా రేకులు, మధ్యలో దుద్దు. వాటిని చుక్కల ముగ్గులుగా మార్చవచ్చనిపించింది. ఒక్కో పద్మానికి ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు, సరి చుక్కా సందు చుక్కా అని లెక్క వేసుకుంటూ భోజనం విరామంలో వాడని లెడ్జర్‌లో గీసుకుంది. ఇరవైకి పైగా అయ్యాయి. పుస్తకంగా వేయాలనుకుంది. ఒక పండక్కి ఇంట్లో చూపిస్తే ఆడపడుచు భర్త "ముగ్గులకు పుస్తకం ఏంటి?" అని నవ్వాడు. ఆ తర్వాత లెడ్జర్ ఇంటికి తీసుకెళ్లలేదు. రికార్డు గదిలో పైఅరలో పెట్టేసింది.

కలలు మొదలైంది సెప్టెంబర్‌లో, ట్యాక్స్ ఆడిట్ గడువు ముందు. ఆ నెలలో పాత ఫైళ్లన్నీ దింపి సర్దారు. లెడ్జర్ అట్ట ఆమె కళ్లబడి ఉంటుంది, పనిలో పడి పట్టించుకోలేదు. ఇది నేను దాటేసే విషయం కాదు. ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో ఇంద్రియస్థానం అనే భాగంలో కలలను ఏడు రకాలుగా చెప్పారు: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, రాబోయేదాన్ని చూపేవి, వాత పిత్త కఫ దోషాల వల్ల వచ్చేవి. మొదటి అయిదింటికీ ఫలం లేదని వైద్యుడు చెప్పాలంటుంది ఆ గ్రంథం. ఈమె కల మొదటి రకానిదే. చూసిన దాన్నే మళ్లీ చూసింది. కాబట్టి భవిష్యత్తు చెప్పే బరువు ఆ కల మీద పెట్టలేం. ఏది మనసులో మిగిలిపోయిందో చూపించిందని అనడానికి అది అడ్డం కాదు.

అర్థం సరిపోయిందని ఎలా తెలుస్తుంది

ఇక్కడ ఆగిపోతే చక్కని కథ అవుతుంది. కానీ ఇలాంటి అర్థాలు సులువుగా సరిపోతాయి కాబట్టే నాకు అనుమానం ఎక్కువ. పసిపిల్ల కల అంటే ఆగిపోయిన సొంత పని అని తేల్చిన ప్రయోగం ఏదీ నా చేతిలో లేదు. మెలకువలో మనసును తొలిచే విషయాలే కలల్లోకి వస్తాయన్న వరకు మాత్రం పరిశోధనల ఆసరా ఉంది. అందుకే కొన్ని పరీక్షలు పెట్టుకుంటాను.

ఒకటి, అర్థం కలలోని వింత వివరాలకు సమాధానం చెప్పాలి. బొటిక్‌ను ఈ కలలకు పెట్టి చూశాం. కొత్త వ్యాపారమైతే పళ్లెందుకు? అయిదేళ్లెందుకు? దాచడమెందుకు, పిన్ని కూతురు అందరికీ చెబుతూనే ఉంది కదా? దేనికీ కుదరలేదు. లెడ్జర్‌ను పెట్టి చూస్తే వయసు కుదిరింది, చోటు కుదిరింది, కాగితమంత బరువు కుదిరింది, సార్‌కు దొరికిపోతానన్న భయం కుదిరింది. రెండో కలలో కడుపు దాచుకుని లావయ్యానని చెప్పడం కూడా కుదిరింది. రెండు, అర్థం వినగానే శరీరం ఏమంటుందో చూస్తాను. బొటిక్ మాట వచ్చినప్పుడల్లా ఆమె భుజాలు బిగుసుకునేవి, డబ్బు లెక్కలు చెప్పేది. లెడ్జర్ గురించి చెప్పేటప్పుడు చేతులతో గాలిలో చుక్కలు పెట్టింది. ఇది బలమైన ఆధారం కాదు, కానీ లెక్కలోకి తీసుకుంటాను. మూడోది నాకు అన్నింటికంటే ముఖ్యం: అర్థాన్ని బట్టి ఏదైనా చిన్న పని చేసి, కల మారుతుందో లేదో చూడాలి. మారకపోతే ఆ అర్థాన్ని వదిలేస్తామని ముందే అనుకున్నాం. ఆ మాట నోట్‌బుక్‌లో రాయించాను కూడా.

అమెరికాలో క్లారా హిల్ అనే సైకాలజిస్టు కలల మీద పని చేసే పద్ధతిని మూడు దశలుగా పెట్టారు. కలను విడమరచడం, అర్థం చేసుకోవడం, ఏదైనా చేయడం. కల అర్థాలు చెప్పేవాళ్లు చాలామంది రెండో దశలో ఆగిపోతారు. లేదా మొదటిది వదిలేసి, రెండోది ఒక్క ముక్కలో చెప్పి, మూడోదానికి లక్షలు పెట్టిస్తారు. ఈ కేసులో ప్రమాదం అదే.

మూడో దశకు వెళ్లేముందు ఇంకొకటి అడిగాను. దాచిన పసిపిల్ల అంటే మీకు ఏ కథ గుర్తొస్తుంది? ఆలోచించకుండానే కర్ణుడంది. "కుంతికి ఆ పిల్లాడంటే ఇష్టం లేక కాదు కదా మేడమ్, నలుగురు ఏమంటారోనని." కాసేపాగి తనే అంది: "మా ఆడపడుచు భర్త ఒక్కడు నవ్వితే నలుగురూ నవ్వినట్టు అనుకున్నాను." ఈ వాక్యం నేను చెప్పి ఉంటే ఉపయోగం ఉండేది కాదు.

ఏం చేసింది, ఏమైంది

పని చిన్నదిగా ఉండాలన్నాను. పుస్తకం అచ్చు వేయడం, పేజీ తెరవడం, సెలవు పెట్టడం ఏవీ వద్దు. తిండి లేని పిల్ల ఒక్కసారిగా భోజనం తినలేదు. ఆమె ఎంచుకున్నది: లెడ్జర్ ఇంటికి తెచ్చుకోవడం, ఆదివారం పొద్దున ఒక గంట, వారానికి ఒక ముగ్గు గ్రాఫ్ పేపర్ మీద శుభ్రంగా ఎక్కించడం. ఇంట్లో అందరికీ కనిపించేలా డైనింగ్ టేబుల్ మీదే గీయాలన్నది ఆమె పెట్టుకున్న షరతు. నాకు అది చాలా నచ్చింది. దాచడమే కలలో అసలు బాధ కదా. బ్యాంకు ఫారం సంగతి నేను తేల్చలేదు. కల మాట పక్కన పెట్టి, మామూలు వ్యాపారంలా అద్దె, కూలి, పెళ్లిళ్ల సీజన్ లెక్కలు వేసుకుని మూడు నెలల తర్వాత నిర్ణయించమన్నాను. ఆమె అకౌంటెంట్. ఆ లెక్కలు నాకంటే బాగా వేయగలదు.

మొదటి రెండు వారాలు కలలు అలాగే ఉన్నాయి. మూడో వారం రాసుకున్న కల: "పిల్ల వంటింట్లో కింద కూర్చుని ఉంది. అన్నం పెడుతున్నాను. ఎక్కువ తింటోంది, చాలదేమోనని టెన్షన్. అత్తయ్య చూసింది, ఏమీ అనలేదు." బరువు గురించి అడిగితే, ఎత్తుకుంటే నడుం లాగిందని చెప్పింది. దాచడం పోయింది, ఆకలి ఇంకా ఉంది. తర్వాత కడుపుతో ఉన్న కల ఒకసారి వచ్చింది, భయం లేకుండా. గుండె దడతో లేవడం తగ్గింది. నిజాయితీగా చెప్పాలంటే, ఇదే సమయంలో రాత్రి చెమటలకు డాక్టర్ చెప్పినట్టు మందు కూడా మొదలుపెట్టింది. మెలకువలు తగ్గాయి. నిద్ర బాగుపడటంలో ఏది ఎంత పని చేసిందో విడదీయలేను. కల లోపలి సంగతి మారడం మాత్రం మందు వల్ల అనుకోను.

తెల్లగుడ్డ కల మళ్లీ ఒకసారి వచ్చింది. అందులో ఏ మార్పూ లేదు, మార్చడానికి మేం ప్రయత్నించనూ లేదు. ఆ కలకు ఈ పనితో సంబంధం లేదని ఇద్దరం ఒప్పుకున్నాం. దాని గురించి మాట్లాడాలనిపించినప్పుడు రమ్మని చెప్పాను.

మూడు నెలల తర్వాత ఫాలో అప్‌కు వచ్చినప్పుడు పదకొండు ముగ్గులు గ్రాఫ్ మీదికి ఎక్కాయి. రెండు వారాలు మానేసిందట, ఆ రెండు వారాల్లో పిల్ల కల రాలేదట. అంటే పని ఆపితే పిల్ల చిక్కిపోయి కనిపిస్తుందన్న నా అంచనా ఇక్కడ నిజం కాలేదు. అది కేసు నోట్స్‌లో అలాగే రాశాను. బొటిక్‌లో భాగస్వామిగా చేరడం లేదు. పిన్ని కూతురు షాపుకు లెక్కలు చూసిపెడతానంది, ఎఫ్‌డీ కదల్లేదు. అత్తగారి మాట ఒకటి మిగిలిపోయింది. మరిదిగారి కోడలు నెల తప్పిందట. "చూశావా, నేను చెప్పలేదూ?" అని ఆవిడ అంటున్నారట. ఏం చెప్పాలని నన్నడిగింది. వాదించొద్దన్నాను. ఆ అమ్మాయి సీమంతానికి గడప ముందు అమరావతి పద్మం వేస్తానంది. ఎన్ని చుక్కలదో ఇంకా తేల్చుకోలేదు.